ద్వారబంధానికి రోప్ లైట్: ఎక్కడ కోయాలి, ఎలా అతకాలి, సప్లై ఎంతది పెట్టాలి

ప్రశ్న: మా సింహద్వారానికి మూడు వైపులా రోప్ లైట్ వేద్దామనుకుంటున్నాను. బంధం బయటి కొలత ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు. ఐదు మీటర్ల రోల్ తెచ్చాను, అడుగు పైగా తక్కువొస్తోంది. సిలికాన్ తొడుగు ఉన్న రకం, మీటరుకు 60 లైట్లు. రోల్ మీద 12 వోల్టులు, మీటరుకు 14.4 వాట్లు అని ఉంది. షాపతను ఇచ్చిన 12 వోల్టుల 2 ఆంప్స్ అడాప్టర్‌కి పెడితే వెలుగుతోంది, ఆరిపోతోంది, మళ్లీ వెలుగుతోంది. ఇంకో మీటరు కొని అతకాలా? క్లిప్ కనెక్టర్లు చాలా, సోల్డరింగ్ చేయాలా? మూలల దగ్గర ఎలా తిప్పాలి?

జవాబు:

ఇంకో మీటరు కొనకండి. మీ దగ్గరున్న ఐదు మీటర్లే సరిపోతుంది, పైగా పది సెంటీమీటర్లు మిగులుతుంది. లైటు గడప దాకా దిగాలన్న లెక్కతో కొలిచారు కాబట్టే తక్కువొచ్చింది. గడప దాకా దింపకూడదు. మన ఇళ్లలో గడప కడుగుతాం, పసుపు రాస్తాం, వర్షాకాలంలో తుంపర కూడా కింది భాగానికే కొడుతుంది. స్ట్రిప్ చివర ఎంత బాగా సీలు చేసినా నీళ్లు దూరేది ఆ కింది చివర నుంచే. అందుకే నేను ఎప్పుడూ గడప మీద నుంచి జానెడుకి కాస్త తక్కువ ఖాళీ వదిలి మొదలుపెడతాను. దూరం నుంచి చూస్తే ఆ ఖాళీ ఎవరి కంటికీ ఆనదు.

మీ కొలతల్నే తీసుకుని లెక్క వేద్దాం. ఏడడుగులంటే 213.4 సెంటీమీటర్లు, మూడున్నర అడుగులంటే 106.7. స్ట్రిప్‌ని చెక్క అంచుకి సరిగ్గా ఆనించి వేయలేం, క్లిప్పులు పట్టడానికి చోటు కావాలి. అంచు నుంచి రెండు సెంటీమీటర్లు లోపలికి పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీత మీద పై భాగం 102.7 సెంటీమీటర్లు ఉంటుంది, నిలువు భాగాలు ఒక్కోటి 211.4 ఉంటాయి. ఇక స్ట్రిప్‌ని ఎక్కడ పడితే అక్కడ కోయలేం. 12 వోల్టుల రకంలో మూడు లైట్లు, ఒక రెసిస్టర్ కలిసి ఒక ముక్క. మీటరుకు 60 లైట్లంటే అలాంటి ముక్కలు 20, అంటే ప్రతి ఐదు సెంటీమీటర్లకీ ఒక కోత గుర్తు. కాబట్టి మీ పొడవులన్నీ ఐదు గుణకాల్లోనే రావాలి.

పై భాగానికి 100 సెంటీమీటర్లు కోయండి. రెండు మూలల్లో సెంటీమీటరుకి కాస్త ఎక్కువ ఖాళీ మిగులుతుంది, వైరు తిరగడానికి ఆ చోటు చాలు. నిలువు వాటికి 195 చొప్పున కోయండి. పైన మూలలో ఒకటిన్నర సెంటీమీటరు వదిలితే, కింది చివర గడపకి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఆగుతుంది. మొత్తం 490. మిగిలిన పది సెంటీమీటర్లలో రెండు ముక్కలు ఉంటాయి. వాటిని పారేయకండి. సోల్డరింగ్ చెయ్యి తిరగడానికి ముందు వాటి మీదే అభ్యాసం చేయొచ్చు.

ఇంకో మీటరు వద్దనడానికి వేరే కారణం కూడా ఉంది. ఒకే పేరుతో అమ్మే రెండు రోల్స్‌లో తెలుపు ఒకేలా ఉండదు. ఒకటి కాస్త పసుపు వైపు, ఒకటి నీలం వైపు పోతుంది. విడివిడిగా చూస్తే తెలియదు, పక్కపక్కన పెట్టి వెలిగించగానే అతుకు పడినచోట తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, షాపులో రోప్ లైట్ అని అడిగితే నేరుగా 230 వోల్టుల మీద నడిచే రకం ఇచ్చే అవకాశం ఉంది. పైకి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మీ 12 వోల్టుల స్ట్రిప్‌ని దానికి అతికి ప్లగ్ పెడితే ఒక్క క్షణంలో మొత్తం కాలిపోతుంది.

ఇప్పుడు మూలల సంగతి. మీ స్ట్రిప్ లోపల పలుచని పట్టీ ఉంటుంది, దాని మీద రాగి పూత దారులుగా సాగుతుంది. ఆ పట్టీ దాని బల్లపరుపు వైపుకి వంగుతుంది. అంటే చుట్టగా చుట్టుకున్న దిశలో సులువుగా వంగుతుంది, పక్కకి మాత్రం వంగదు. బంధం ముందు ముఖం మీద వేసి మూలలో తొంభై డిగ్రీలు తిప్పాలంటే పక్కకే వంచాలి. బలవంతంగా వంచితే అప్పటికి వెలుగుతుంది. కొన్ని వారాలకి లోపలి రాగి దారి పగులుతుంది, మూల దాటాక ఉన్నదంతా మినుకుమినుకుమంటుంది. వేలితో నొక్కితే వెలిగి, వదిలితే ఆరిపోతుంటే అదే జరిగిందని తెలుసుకోండి. కాబట్టి ముందు ముఖం మీద అయితే మూల దగ్గర కోసి, వైరుతో కలపాల్సిందే.

బంధం లోపలి మందం మీద, అంటే మనం నడిచి వెళ్లే వైపు తిరిగి ఉండే చెక్క మీద వేస్తే మాత్రం మూలలో అది సహజంగా బల్లపరుపు వైపుకే వంగుతుంది. అప్పుడు కోతా అక్కర్లేదు, అతుకూ అక్కర్లేదు. మరీ మడతపెట్టకుండా కాస్త గుండ్రంగా తిప్పితే చాలు. తలుపు మూసినప్పుడు రెక్క తగలకుండా చోటుందో లేదో ముందు చూసుకోండి. ఫర్నిచర్ లోపలికి తెచ్చేటప్పుడు తగిలేదీ ఆ చెక్కే, అందువల్ల సింహద్వారానికి నేను ముందు ముఖాన్నే ఎంచుకుంటాను. మీకూ అదే అనుకుని మిగతాది చెబుతున్నాను.

కోయడం సులువే, చోటు మాత్రం తప్పకూడదు. కత్తెర గుర్తు ఉన్నచోట రెండు జతల రాగి చుక్కలు ఆనుకుని ఉంటాయి, కొన్నింటిలో ఒకే పొడుగాటి చుక్క ఉంటుంది. గీత సరిగ్గా మధ్యలోంచి పోవాలి, రెండు వైపులా సమంగా రాగి మిగలాలి. కరెంటు తీసేసి, పదునైన కత్తెరతో ఒక్క వేటుకి తెగేలా కోయండి. మొద్దు కత్తెరతో నమిలినట్టు కోస్తే ప్లస్, మైనస్ రాగి అంచులు నలిగి ఒకదానికొకటి తగిలే ప్రమాదం ఉంది. సిలికాన్ తొడుగుని పట్టీ కన్నా ఒకటిన్నర సెంటీమీటరు వెనక్కి లాగి విడిగా కోసుకోవాలి, లేకపోతే రాగి చుక్కలు బయటికి రావు. ఒకవేళ గుర్తు తప్పి మధ్యలో కోసినా మొత్తం రోల్ పాడవదు. ముక్కలన్నీ ఒకే జత దారుల నుంచి విడివిడిగా కరెంటు తీసుకుంటాయి కాబట్టి ఆ ఐదు సెంటీమీటర్ల ముక్క ఒక్కటే ఆరిపోతుంది, పక్క గుర్తు దగ్గర మళ్లీ సరిగ్గా కోసుకోవచ్చు.

క్లిప్ కనెక్టర్ల మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. షోకేస్ లోపలో, మంచం వెనకో తక్కువ వాట్ల స్ట్రిప్‌కి అయితే అవి పరవాలేదు. గుమ్మానికి, అదీ మీటరుకు 14.4 వాట్ల రకానికి వద్దు. ఆ క్లిప్‌లో రాగి చుక్క మీద ఒక చిన్న లోహపు నాలుక ఆనుకుని ఉంటుంది, అంతే. తలుపు వేసిన ప్రతిసారీ బంధం అదురుతుంది, నాలుక కొద్దికొద్దిగా జరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలో అయితే రాగి నల్లబడటం ఇంకా తొందరగా మొదలవుతుంది. ఆనే చోటు తగ్గేకొద్దీ అక్కడ వేడి పెరుగుతుంది, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతుంది. గుమ్మం మీద ఆ పని మళ్లీ విప్పి చేయడం కన్నా మొదటే సోల్డర్ చేయడం తేలిక. పండక్కి రేపే వెలగాలి, సోల్డరింగ్ ఐరన్ దొరకలేదు అంటే క్లిప్ పెట్టండి, తర్వాత మార్చండి. కొనేటప్పుడు పట్టీ వెడల్పు చూసుకోండి, 8 మిల్లీమీటర్ల క్లిప్ 10 మిల్లీమీటర్ల పట్టీకి పట్టదు. మీ వాట్లని బట్టి చూస్తే మీది 10 మిల్లీమీటర్లదే అయ్యుంటుంది.

సోల్డరింగ్‌కి 25 వాట్ల ఐరన్ చాలు. రాగి చుక్క మీద సిలికాన్ పొర గానీ మసక గానీ ఉంటే బ్లేడు మొనతో మెల్లగా గీకి, రాగి మెరిసేదాకా శుభ్రం చేయండి. నూటికి తొంభై అతుకులు ఊడేది ఇక్కడ బద్ధకించినందుకే. ముందు చుక్క మీద కొంచెం సోల్డర్ పరవండి, వైరు మొనకి విడిగా కొంచెం పట్టించండి. తర్వాత వైరుని చుక్క మీద పెట్టి ఐరన్ మొన రెండు మూడు సెకన్లు ఆనిస్తే రెండూ కరిగి కలిసిపోతాయి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే రాగి చుక్క పట్టీ నుంచి లేచి ఊడొస్తుంది, ఆ చుక్క ఇక పనికిరాదు. చల్లారాక అతుకు నున్నగా మెరుస్తుంటే బాగా పట్టినట్టు. బూడిద రంగులో ఉండలా కూర్చుంటే పట్టలేదన్నమాట, మళ్లీ వేడి చేయండి.

మూలల్లో కలిపే వైరు ముక్క నాలుగైదు సెంటీమీటర్లుంటే చాలు, మెలిక తిరిగే మెత్తటి వైరే వాడండి. ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి. ఎరుపు ఎప్పుడూ 12 వోల్టుల ప్లస్ చుక్కకే అని నియమం పెట్టుకుంటే మూల తిరిగాక గందరగోళం ఉండదు. తిరగేసి అతికితే లైట్లు పాడవవు, వెలగవు, అంతే. అతికాక కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి ప్లస్, మైనస్ మధ్య చూడండి. బీప్ అంటే ఎక్కడో సోల్డర్ పొంగి రెండు చుక్కల్నీ కలిపేసింది. బీప్ లేకపోతే హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి వేడి చేయండి.

నీళ్లు దూరకుండా చివరలు మూయడానికి సిలికాన్ ట్యూబ్ వాడతాం కదా, అందులో రకం చూడాలి. పిండితే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. కొన్నాళ్లకి అతుకు దగ్గర ఆకుపచ్చ బూజులాంటిది కనిపిస్తే కారణం అదే. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న ట్యూబ్ అడిగి తీసుకోండి. చివర టోపీల్లో దాన్ని నింపి తొడిగి, ఒక రోజు ఆరనివ్వాలి.

ఇప్పుడు కరెంటు ఎక్కడ నుంచి ఇవ్వాలన్నది. చాలామంది ఒక కింది చివర నుంచి ఇస్తారు, స్విచ్ బోర్డు అక్కడ దగ్గరని. అలా ఇస్తే మొత్తం 4.9 మీటర్ల కరెంటూ ఆ పట్టీ మొదట్లోంచే పోవాలి. పట్టీలోని రాగి పలుచన, పోయేకొద్దీ వోల్టేజీ తగ్గుతుంది, రెండో కింది చివరకి చేరేసరికి వెలుగు మసకబారుతుంది. గుమ్మానికి రెండు నిలువులూ ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఎడమకీ కుడికీ తేడా అందరికీ తెలిసిపోతుంది. గోడ మీద తిన్నగా వేసిన స్ట్రిప్‌లో ఇంత తెలియదు.

అందుకే పై మూలలో ఇవ్వండి. ఆ మూలలో సప్లై వైరు నుంచి రెండు పాయలు చేసి, ఒకటి దగ్గరి నిలువుకి, ఇంకోటి పై భాగానికి కలపండి. దగ్గరి నిలువు 1.95 మీటర్లు. పై భాగం, అవతలి నిలువు కలిపి 2.95 మీటర్లు. పట్టీలో పోయే వోల్టేజీ పొడవుకి వర్గంగా పెరుగుతుంది. ఎందుకంటే పొడవు పెరిగితే మోయాల్సిన కరెంటూ పెరుగుతుంది, అది దాటాల్సిన దారీ పెరుగుతుంది. 4.9 నుంచి 2.95కి తగ్గిస్తే చివర పడే లోటు దాదాపు మూడో వంతుకి దిగుతుంది. కొత్త ఖర్చేమీ లేదు, మీరు ఎలాగూ కోస్తున్న మూలనే వాడుకుంటున్నారు. అప్పటికీ అవతలి నిలువు కాస్త తక్కువ అనిపిస్తే, ఒక జత వైర్లు పై భాగం వెనకగా అవతలి మూలకి కూడా లాగి అక్కడా ఇవ్వండి. ఇక తేడా కనపడదు. అతుకుల మీద భారమూ తగ్గుతుంది. ఒక పాయలో సుమారు 2.3 ఆంప్స్, ఇంకో పాయలో 3.5 ఆంప్స్ మాత్రమే పోతాయి.

మీ అడాప్టర్ ఎందుకు వెలిగి ఆరుతోందో ఈ లెక్కలోనే ఉంది. 4.9 మీటర్లు, మీటరుకు 14.4 వాట్లు అంటే 70.6 వాట్లు. 12తో భాగిస్తే 5.9 ఆంప్స్. మీ అడాప్టర్ ఇవ్వగలిగింది 24 వాట్లు. లోడు ఎక్కువ అవ్వగానే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగుతుంది, క్షణం ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. లైట్లలో లోపం లేదు. ఆ అడాప్టర్ మీటరుకు 4.8 వాట్ల చిన్న చిప్‌ల రకానికి పనికొచ్చేది, దానికైనా అంచున నడిచేది. దీన్ని ఇలాగే ఆడిస్తూ ఉంటే అడాప్టర్ పోతుంది, వెంటనే తీసేయండి.

సప్లైని ఎప్పుడూ నిండా లోడు మీద నడపకూడదు. మన ఎండలకి, మూసిన పెట్టెలో ఇంకా నడపకూడదు. మీ 5.9కి పావు వంతు కలిపితే 7.4 ఆంప్స్. బజారులో దానికి పైన దొరికేది 100 వాట్లది, అది సుమారు 8.3 ఆంప్స్ ఇస్తుంది. ఆ పైది 10 ఆంప్స్, 120 వాట్లది. రెంటిలో ఏదైనా సరే. 10 ఆంప్స్ పెడితే లైట్లు కాలిపోతాయేమోనని చాలామంది భయపడతారు. కాలవు. వోల్టేజీ 12 ఉన్నంతవరకూ స్ట్రిప్ తనకు కావలసిన 5.9 మాత్రమే లాగుతుంది, మిగతాది సప్లైలో ఖాళీగా ఉంటుంది. పెద్ద సప్లైతో ఉన్న ప్రమాదం వేరు. ఎక్కడైనా వైర్లు ఒకదానికొకటి తగిలితే, సప్లై ఆగేలోపు సన్నటి వైరు వేడెక్కిపోవచ్చు. అందుకని ప్లస్ వైరు మీద సప్లై దగ్గరే కార్లలో వాడే 7.5 ఆంప్స్ బ్లేడు ఫ్యూజు హోల్డర్‌తో సహా పెట్టండి.

షాపులో ఎల్‌ఈడీ డ్రైవర్ అని అడిగితే ఇంకో పొరపాటు జరుగుతుంది. సీలింగ్ డౌన్‌లైట్లకి వాడే డ్రైవర్లు వేరు. వాటి మీద 24 నుంచి 42 వోల్టులు, 300 మిల్లీ ఆంప్స్ అన్నట్టు వోల్టేజీ ఒక పరిధిలో రాసి ఉంటుంది. అది కరెంటుని స్థిరంగా ఉంచే రకం, మీకు పనికిరాదు. మీకు కావలసింది వోల్టేజీ స్థిరంగా 12 ఇచ్చేది. అవుట్‌పుట్ దగ్గర 12 వోల్టులు డీసీ అని ఒకే అంకె ఉండాలి. బీఐఎస్ గుర్తు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నాయేమో చూడండి. లేబుల్ మీద 10 ఆంప్స్ అని అచ్చేసి చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉండేవి బోలెడు తిరుగుతున్నాయి.

గుండ్రటి పిన్ను ఉండే అడాప్టర్ కూడా ఈ లోడుకి వద్దు. ఆ చిన్న జాక్ ఆరు ఆంప్స్ మోయడానికి చేసింది కాదు, అక్కడే వేడెక్కుతుంది. స్క్రూ టెర్మినళ్లున్న సప్లై డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి. చిల్లుల రేకు డబ్బా రకం చవక, మన్నిక కూడా బాగుంటుంది, ఇంట్లోపలే ఉండాలి. వరండాలో పెడితే బల్లులు, చీమలు దూరతాయి, తేమ తగులుతుంది. బయటే పెట్టక తప్పదంటే లోపలంతా నింపి మూసేసిన, ఐపీ 67 అని రాసి ఉన్న సన్నటి అల్యూమినియం రకం తీసుకోండి, అప్పుడు రెండు చివర్ల నుంచీ వైర్లే వస్తాయి.

చిల్లుల డబ్బాలో 230 వోల్టుల టెర్మినళ్లు వేలికి అందేలా ఉంటాయి. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ కలపాలి, ఎర్త్ వదిలేయకూడదు. కొన్నింటికి పక్కన 110, 220 మార్చే చిన్న స్విచ్ ఉంటుంది, అది 220 వైపు ఉందని చూశాకే కరెంటు ఇవ్వండి. మెయిన్స్ వైపు పని మీకు అలవాటు లేకపోతే ఆ మూడు వైర్ల వరకు ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి, 12 వోల్టుల వైపు మీరే చేసుకోవచ్చు. ఫ్యాన్ రెగ్యులేటరు, గోడ డిమ్మరు లాంటివి ఉన్న పాయింటు నుంచి ఈ సప్లైకి కరెంటు ఇవ్వకండి.

సప్లైని గుమ్మానికి దగ్గరగా పెట్టండి, లోపలి వైపు తలుపు పైన గోడ మీద అయితే చక్కగా కుదురుతుంది. 12 వోల్టుల దగ్గర వైరు పొడవు చాలా ఖరీదైనది. మూడు మీటర్ల దూరం నుంచి 1 చదరపు మిల్లీమీటరు వైరు లాగితే, పోను రాను ఆరు మీటర్ల దారిలో దాదాపు 0.7 వోల్టు వైరులోనే పోతుంది. మీటరు లోపల పెట్టి 1.5 వైరు వాడితే ఆ నష్టం 0.2 వోల్టు కన్నా తక్కువే. బయటి గోడకి రంధ్రం వేసేటప్పుడు వైరు బయటి వైపు కిందికి వాలేలా వేయండి, లేకపోతే వర్షం నీళ్లు వైరు వెంట ఇంట్లోకి నడిచొస్తాయి.

ఇంకో సంగతి, ఇది చాలా తక్కువమంది చేస్తారు. మీటరుకు 14.4 వాట్లంటే గుమ్మానికి చాలా ఎక్కువ వెలుగు. ఎదురుగా నిలబడ్డ మనిషికి కళ్లు చెదురుతాయి, సిలికాన్ తొడుగులో గాలి ఆడక చిప్‌లు వేడెక్కి ముందే వయసైపోతాయి. ఎస్‌ఎంపీఎస్ టెర్మినళ్ల పక్కన వోల్టేజీ సర్దే చిన్న స్క్రూ ఉంటుంది. చేతిలో మల్టీమీటర్ పెట్టుకుని దాన్ని మెల్లగా తిప్పి 12 నుంచి 11కి తగ్గించండి. తగ్గించింది ఒక్క వోల్టే అయినా స్ట్రిప్ లాగే కరెంటు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. మూడు లైట్లకి సుమారు 9 వోల్టులు పోగా రెసిస్టరుకి మిగిలేది మూడే, అందులో ఒకటి తీసేస్తున్నాం కదా. వెలుగు హాయిగా ఉంటుంది, వేడి తగ్గుతుంది, రెండు చివరల మధ్య తేడా కూడా తగ్గుతుంది. అదే స్క్రూని ఎక్కువ వెలుగు కోసం 12 పైకి మాత్రం తిప్పకండి.

బిగించేటప్పుడు టేపు నమ్ముకోవద్దు. సిలికాన్‌కి సిలికాన్ తప్ప ఏదీ అంటుకోదు, ఇక నూనె పట్టించిన టేకు మీద అయితే అసలే నిలవదు. తొడుగు వెడల్పుకి సరిపడే క్లిప్పులు స్క్రూలతో వస్తాయి, అడుగుకి ఒకటి చొప్పున పెట్టండి. మూలకి అటూ ఇటూ దగ్గరగా ఒక్కోటి అదనంగా వేస్తే సోల్డర్ అతుకు మీద లాగుడు పడదు. మామిడి తోరణం కట్టే మేకులు పై చెక్కకి ఎక్కడున్నాయో ముందు చూసుకుని గీత గీయండి, లేకపోతే వచ్చే పండక్కి ఎవరో ఒకరు స్ట్రిప్ లోంచే మేకు దింపుతారు. అన్నీ గోడకెక్కించే ముందు నేల మీదే పరిచి, కలిపి, ఒక గంట వెలిగించి చూడండి. ఎక్కడైనా మూడు లైట్లు మాత్రమే ఆరితే ఆ ముక్కలో లోపం, అది కోసేసి కొత్త ముక్క పెట్టాలి. ఒకచోట నుంచి అవతలిదంతా ఆరితే లోపం దాని ముందున్న అతుకులో. గంట తర్వాత ప్రతి అతుకునీ వేలితో తాకండి. స్ట్రిప్ గోరువెచ్చగా ఉండటం మామూలే, పక్క భాగం కన్నా అతుకు వేడిగా ఉంటే మాత్రం దాన్ని విప్పి మళ్లీ సోల్డర్ చేయండి.

ఇది చదివేవాళ్లలో గుండ్రటి గొట్టంలాంటి 230 వోల్టుల రోప్ లైట్ ఉన్నవాళ్లూ ఉంటారు, వాళ్లకోసం నాలుగు మాటలు. అందులో కోత గుర్తు సాధారణంగా మీటరుకి ఒకటే వస్తుంది, మీ రోల్ మీద చూసుకోండి. గొట్టం ఏ వైపుకైనా వంగుతుంది కాబట్టి ఇదే గుమ్మానికి ఐదు మీటర్లు ఒకే ముక్కగా తిప్పి, కింద రెండు వైపులా జానెడు లోపే వదిలితే అతుకు లేకుండానే అయిపోతుంది. అతకక తప్పకపోతే ఆ గొట్టం సైజుకి చేసిన పిన్ను కనెక్టరు, పైన స్లీవ్ వాడాలి. వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టడం వద్దు. కోసిన చివరలో బయటపడే రాగిలో మెయిన్స్ కరెంటే ఉంటుంది, మూత లేకుండా ఒక్క నిమిషం కూడా వెలిగించకండి. పిల్లలు చెయ్యి వేసే ఎత్తులో, ఇనుప గ్రిల్లు తలుపు పక్కన వేస్తుంటే ఆ పాయింటుకి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. అది లేని ఇంట్లో నేను గుమ్మానికి 230 వోల్టుల రకం బిగించను, 12 వోల్టులదే వేస్తాను.